పాత్ర స్వగత కవిత

పాత్ర స్వగత కవిత అనగా కవి తనది కాని గొంతుతో, ఉత్తమ పురుషలో చెప్పే కవిత. ఆంగ్ల కవి రాబర్ట్ బ్రౌనింగ్ 1842లో ప్రచురించిన "మై లాస్ట్ డచెస్" దీనికి ప్రసిద్ధమైన ఉదాహరణ. బస్సు కండక్టరు వంటి అపరిచితుని గొంతుతో వ్రాసినప్పుడు ఇటువంటి కవిత వెక్కిరింతగా మారే ప్రమాదం ఉంది.

వెక్కిరింతకు కారణం

కవి కండక్టరును సాధారణంగా ప్రయాణికునిగానే చూసి ఉంటాడు. అందువలన "చెమట కంపుతో, చిల్లర కోసం అరుస్తుంటాను" వంటి పంక్తి పుడుతుంది. మాట "నేను" అయినా చూపు ప్రయాణికునిదే. "నేను"కు బదులు "అతడు" అని మార్చి చదివితే పంక్తి మరింత సహజంగా వినిపించడం ఈ దోషానికి గుర్తు. కవితలో ఒక్క కండక్టరు మాటలనే వంకర అక్షరాలతో వ్రాయడం కూడా ఇటువంటి దోషమే.

సవరణ

పాత్రకు మాత్రమే తెలిసే పని వివరం నుండి కవిత మొదలు కావాలి. చిల్లర లేనప్పుడు కండక్టరు ఇవ్వవలసిన మొత్తాన్ని టికెట్టు వెనుక వ్రాస్తాడు. డ్యూటీ ముగిశాక డిపోలో లెక్క అప్పగిస్తాడు. ఈ వివరంతో పై పంక్తిని ఇలా మార్చవచ్చు:

ఐదు రూపాయలని టికెట్టు వెనుక వ్రాశాను.
ఆమె అడగకుండానే దిగిపోయింది.
పిలుద్దామనుకున్నాను,
అప్పటికే రైట్ చెప్పేశాను.

ఇక్కడ నవ్వడానికి ఏమీ లేదు. అలాగని కండక్టరు మహాత్ముడూ కాలేదు. నిజంగా పిలవాలనుకున్నాడో లేదో అతనికే తెలుసు. పాత్రపై జాలి చూపి తప్పులన్నీ తుడిచివేస్తే, ఆ గొంతు మళ్ళీ కవిదే అవుతుంది.