అమోనియా గొట్టంలో మొగ్గు ఎటు?

1901లో ఫ్రెంచి శాస్త్రవేత్త హెన్రీ లీ చాటెలియర్ నైట్రోజన్, హైడ్రోజన్ వాయువులను బాగా వేడిచేసి, గట్టిగా నొక్కి అమోనియా చేయబోయాడు. పరికరంలోకి గాలి చేరడంతో అది పేలిపోయింది. ఆయన ఆ ప్రయత్నాన్ని అక్కడితో వదిలేశాడు. అసలు ఆ వాయువులను ఎందుకు నొక్కాలో చెప్పే సూత్రం ఆయనదే, 1884లోనే ప్రకటించాడు. చివరికి 1909లో జర్మనీలో ఫ్రిట్జ్ హేబర్ ఆ పని సాధించి చూపించాడు. ఈనాడు రామగుండం ఎరువుల కర్మాగారంలో యూరియాకు కావలసిన అమోనియా తయారయ్యేదీ అదే చర్యతో.

N₂ + 3H₂ ⇌ 2NH₃

రెండు వైపులా ఉన్న ఆ బాణాల్లోనే అంతా ఉంది. మూసి ఉన్న పాత్రలో అమోనియా ఏర్పడుతూనే ఉంటుంది, ఏర్పడిన అమోనియా మళ్లీ విడిపోతూనే ఉంటుంది. ఈ రెండింటి వేగాలూ సమానమైతే సమతాస్థితి వచ్చినట్టు. చర్య ఆగిపోయిందనీ, అటూ ఇటూ పదార్థాలు సమానంగా ఉంటాయనీ చాలామంది విద్యార్థులు అనుకుంటారు. రెండూ నిజం కాదు. సమానమయ్యేవి వేగాలు మాత్రమే.

మరి మొగ్గు ఎటో లెక్కగా చూడాలంటే ఒక నిష్పత్తి చాలు. అమోనియా గాఢత వర్గాన్ని, నైట్రోజన్ గాఢతతో హైడ్రోజన్ గాఢత ఘనాన్ని గుణించగా వచ్చినదానితో భాగించాలి. ఏ క్షణంలోనైనా వచ్చే ఈ విలువను Q అంటారు. సమతాస్థితి దగ్గర అది K అనే స్థిరాంకానికి సమానం. Q తక్కువైతే చర్య ముందుకు, ఎక్కువైతే వెనక్కు నడుస్తుంది.

ఇప్పుడు ఉష్ణోగ్రత మార్చకుండా పాత్ర ఘనపరిమాణాన్ని సగానికి నొక్కితే ఏమవుతుంది? మూడు వాయువుల గాఢతలూ ఒక్కసారిగా రెట్టింపవుతాయి. నిష్పత్తిలో పైన 2 వర్గం, అంటే 4 రెట్లు. కింద నైట్రోజన్ వల్ల 2, హైడ్రోజన్ వల్ల 8, మొత్తం 16 రెట్లు. Q విలువ K లో నాలుగో వంతుకు పడిపోతుంది. అది మళ్లీ K ని చేరేదాకా అమోనియా ఎక్కువగా ఏర్పడుతుంది. ‘పీడనం పెంచితే మోల్‌లు తక్కువున్న వైపు’ అని బట్టీపట్టే వాక్యం వెనక ఉన్నది ఈ లెక్కే. రెండు వైపులా వాయు మోల్‌లు సమానంగా ఉన్న H₂ + I₂ ⇌ 2HI లో పైనా కిందా 4 రెట్లే కాబట్టి, ఎంత నొక్కినా మొగ్గు మారదు.

గాఢత సంగతి ఇంకా తేలిక. అమోనియాను తీసేస్తే నిష్పత్తిలో పై సంఖ్య తగ్గి Q పడిపోతుంది, చర్య ముందుకు సాగుతుంది. కర్మాగారంలో చేసేది సరిగ్గా ఇదే. వాయువులు ఉత్ప్రేరకం మీదుగా ఒకసారి వెళ్లినప్పుడు సుమారు 15 శాతమే అమోనియాగా మారుతుంది. బయటికొచ్చిన మిశ్రమాన్ని చల్లబరిస్తే అమోనియా ద్రవమై కిందికి దిగుతుంది. మిగిలిన నైట్రోజన్, హైడ్రోజన్ మళ్లీ లోపలికి వెళ్తాయి.

ఉష్ణోగ్రత మాత్రం వేరే రకం. పీడనం, గాఢత Q ని కదిలిస్తాయి. ఉష్ణోగ్రత ఏకంగా K నే మార్చేస్తుంది. రెండు మోల్‌ల అమోనియా ఏర్పడితే సుమారు 92 కిలోజౌళ్ల వేడి వెలువడుతుంది. ఇది ఉష్ణమోచక చర్య కాబట్టి వేడి పెంచేకొద్దీ K తగ్గుతుంది. 200 అట్మాస్ఫియర్ల దగ్గర, సమతాస్థితి మిశ్రమంలో 400 డిగ్రీల సెల్సియస్ వద్ద అమోనియా సుమారు 36 శాతం ఉంటే, 500 డిగ్రీలకు అది 18 శాతానికి పడిపోతుంది. అలాగని చల్లగా ఉంచితే చర్య నత్తనడక నడుస్తుంది. అందుకే ఇనుము ఉత్ప్రేరకం పెట్టి, 400–500 డిగ్రీల మధ్య నడిపిస్తారు. ఉత్ప్రేరకం ముందుకూ వెనక్కూ వేగాన్ని ఒకేలా పెంచుతుంది. సమతాస్థితి త్వరగా వస్తుందే తప్ప అమోనియా వాటా పెరగదు.

పరీక్షల్లో తరచూ తడబడే చోటు ఇంకొకటి ఉంది. మూసిన పాత్రలోకి, ఘనపరిమాణం మారకుండా, ఆర్గాన్ పంపితే మొత్తం పీడనం పెరుగుతుంది. దాంతో చర్య ముందుకు జరుగుతుందని రాసేస్తారు. కానీ చర్యలో పాల్గొనే మూడు వాయువుల గాఢతలూ ఉన్నవి ఉన్నట్టే ఉన్నాయి, Q మారలేదు, మొగ్గూ మారదు. మొత్తం పీడనాన్ని స్థిరంగా ఉంచి ఆర్గాన్ కలిపితే మాత్రం కథ వేరు: పాత్ర విస్తరించి మూడు గాఢతలూ తగ్గుతాయి, చర్య వెనక్కు మళ్లుతుంది. కర్మాగారాలకు ఇది నిజంగా ఎదురయ్యే ఇబ్బంది. గాలి నుంచి తీసుకున్న నైట్రోజన్‌తో పాటు వచ్చిన కొద్దిపాటి ఆర్గాన్ ఎందులోనూ కలవదు, తిరిగే వాయువుల్లో పోగవుతూ వాటి చోటు ఆక్రమిస్తుంది. అది మితిమీరకుండా, తిరిగే వాయువులో కొంత భాగాన్ని ఎప్పటికప్పుడు బయటికి వదులుతారు.