గట్టు మీదే నడిచి చేను కొలవడం

గుంటూరు జిల్లా నుంచి ఒక పాఠకుడు రాసిన ఉత్తరం వారం రోజులుగా నా బల్ల మీదే ఉంది. వాళ్లబ్బాయి ఫోన్‌లో ఏదో యాప్ తెరిచి, మిరప చేను గట్టు మీద ఒక చుట్టు తిరిగి వచ్చాడట. చేలో కాలు పెట్టలేదు. అయినా విస్తీర్ణం సెంట్లతో సహా వచ్చేసింది. 'లోపల ఎంత నేల ఉందో గట్టుకెలా తెలిసింది?' అని ఆయన ప్రశ్న. ఇంత చక్కగా అడిగాక వేరే విషయం మీద రాయడం నా వల్ల కాలేదు.

దీనికి జవాబు గ్రీన్ సిద్ధాంతం. చేను మీద గాలి వీస్తోందనుకోండి, ఒక్కోచోట ఒక్కో వేగంతో, ఒక్కో దిశలో. మీరు గట్టు మీద ఒక చుట్టు నడుస్తూ లెక్క రాయాలి. గాలి వీపున తోస్తే జమ, ఎదురొస్తే ఖర్చు, పక్కనుంచి కొడితే సున్నా. ప్రతి అడుగు పొడవునూ ఆ అడుగు దిశలో ఉన్న గాలి వేగంతో గుణించి కలుపుతూ పోవాలి. బయల్దేరిన చోటికి చేరేసరికి మిగిలిన నిల్వే సర్క్యులేషన్. ఈ నిల్వ, చేను లోపల ప్రతి బిందువు దగ్గరా గాలికి ఉన్న సుడి మొత్తానికి సరిగ్గా సమానమని సిద్ధాంతం చెబుతుంది. తూర్పు వైపు గాలి వేగం P, ఉత్తరం వైపు Q అనుకుంటే రాత ఇలా ఉంటుంది:

∮ P dx + Q dy = ∬ (∂Q/∂x − ∂P/∂y) dx dy

ఇది చూసి పేజీ తిప్పేయకండి. అసలు కిటుకు ఇందులో లేదు, గడుల్లో ఉంది.

చేనంతా నిలువు, అడ్డం గీతలతో చిన్న చిన్న గడులుగా విడగొట్టండి. ఒక్కో గడి చుట్టూ ఒక్కో మనిషిని అపసవ్యంగా, అంటే గడియారం ముల్లుకు ఎదురు దిశలో తిప్పండి. పక్కపక్కనున్న రెండు గడులకు నడుమ ఒకటే గీత ఉంటుంది కదా? ఎడమ గడి మనిషి దాని మీద ఉత్తరానికి వెళ్తాడు. కుడి గడి మనిషి అదే గీత మీద దక్షిణానికి వస్తాడు. ఇద్దరికీ తగిలే గాలి ఒకటే కాబట్టి ఒకరి జమ రెండోవారి ఖర్చు. కలిపితే సున్నా. లోపలి గీతలన్నీ ఇలాగే కొట్టుకుపోతాయి. పక్క గడి లేని గీతలే మిగులుతాయి, అవే గట్టు. అంచు గడులు వంకర ముక్కలైనా ఫర్వాలేదు, కొట్టివేత అలాగే సాగుతుంది. నేను మొదటిసారి ఇది కాగితం మీద గీసి చూసుకున్న రోజు, ఇన్నాళ్లూ సూత్రాన్నే ఎందుకు బట్టీ పట్టించారని మా లెక్చరర్ మీద కోపం వచ్చింది.

ఇక ఒక్క గడిలో నిల్వ ఎంత? భుజం h ఉన్న చదరం తీసుకుందాం. మనిషి కింది గీత మీద తూర్పుకు, పై గీత మీద పడమరకు నడుస్తాడు. రెండు చోట్లా P ఒకటే అయితే నిల్వ ఏమీ ఉండదు. పైకి వెళ్లేకొద్దీ P పెరిగితే ఖర్చు మిగులుతుంది. అందుకే ∂P/∂y ముందు ఆ మైనస్ గుర్తు. కుడి గీత మీద ఉత్తరానికి, ఎడమ గీత మీద దక్షిణానికి నడుస్తాడు కనుక Q తూర్పుకు పోయేకొద్దీ పెరిగితే జమ. రెండూ కలిపి గడి వైశాల్యం h² తో గుణిస్తే ఆ గడి నిల్వ వస్తుంది. గడులన్నీ కూడితే కుడివైపున్న ద్వి సమాకలని.

ఇప్పుడు మిరప చేనుకు వద్దాం. గాలి మన ఊహే కాబట్టి మనకు నచ్చినట్టు వీయించుకోవచ్చు. P = −y/2, Q = x/2 అనుకోండి. అప్పుడు బ్రాకెట్లోది ప్రతిచోటా 1, అంటే ఒక్కో గడి నిల్వ దాని వైశాల్యమే. గట్టు మీది నిల్వ చేను విస్తీర్ణం అయిపోయింది! (x₁, y₁) మూల నుంచి (x₂, y₂) మూలకు తిన్నగా నడిస్తే జమయ్యేది (x₁y₂ − x₂y₁)/2. అంతే.

మూలలు మీటర్లలో (0, 0), (60, 10), (50, 50), (10, 40) అనుకుందాం. మొదటి గట్టు మీద జమ సున్నా. రెండో గట్టు మీద 60×50 − 50×10 = 2500లో సగం, అంటే 1250. మూడో దాని మీద 50×40 − 10×50 = 1500లో సగం, 750. నాలుగోది మళ్లీ సున్నా. మొత్తం 2000 చదరపు మీటర్లు. సెంటు సుమారు 40.47 చదరపు మీటర్లు కనుక 49.4 సెంట్లు, తెలంగాణ లెక్కలో దాదాపు 19.8 గుంటలు. సవ్యంగా తిరిగితే −2000 వస్తుంది. యాప్ ఆ మైనస్‌ను చూపించదు.

పేరు దగ్గర ఒక తగవుంది. జార్జ్ గ్రీన్ నాటింగ్‌హామ్ పక్కన స్నైంటన్‌లో గాలిమర నడిపిన పిండిమర యజమాని కొడుకు. బడికి వెళ్లింది ఒక ఏడాదో, కాస్త ఎక్కువో. 1828లో చందాదారుల సాయంతో విద్యుత్తు, అయస్కాంతత్వం మీద ఒక వ్యాసం అచ్చేయించాడు. అందులో ఉన్నది ఘనపరిమాణాన్ని, దాన్ని చుట్టిన ఉపరితలాన్ని కలిపే సమీకరణం. మన గట్టు సూత్రం ఈ రూపంలో అందులో లేదు. దాన్ని 1846లో కోషీ నిరూపణ లేకుండా ప్రకటించాడు, 1851లో రీమాన్ తన పరిశోధన వ్యాసంలో నిరూపించాడు. గ్రీన్ 1841లోనే పోయాడు. ఆ వ్యాసాన్ని 1845లో విలియం థామ్సన్ వెతికి పట్టుకోకపోతే గ్రీన్ పేరే మనం వినేవాళ్లం కాదేమో. పేరు పొరపాటే అయినా ఆ పిండిమర మనిషికే ఉండనివ్వాలని నా పక్షపాతం.

అసలు పొరపాటు వేరొకటుంది, దాంట్లో బాగా చదివినవాళ్లూ పడతారు. ఒక కేంద్రం చుట్టూ గాలి తిరుగుతోంది, r దూరంలో వేగం 1/r. కేంద్రం తప్ప ఎక్కడ లెక్కవేసినా సుడి సున్నాయే. కాబట్టి ఏ చుట్టు మీదైనా నిల్వ సున్నా అనేస్తారు. కేంద్రం చుట్టూ వృత్తంలో నడిచి చూడండి: చుట్టుకొలత 2πr, వేగం 1/r, నిల్వ 2π. వృత్తం ఎంత చిన్నదైనా అంతే. కేంద్రం ఉన్న గడిలో వేగానికి హద్దు లేదు, ఆ ఒక్క గడికి మన చదరం లెక్క చెల్లదు. కేంద్రాన్ని లోపల పెట్టుకోని చుట్టుకు మాత్రం నిల్వ సున్నాయే. అందుకే గాలి వేగం లోపలంతా సజావుగా ఉండాలన్న షరతును సిద్ధాంతం మొదట్లోనే పెడతారు, మనం చదవకుండా దాటేస్తాం.

యాప్ సంగతి చెప్పి ముగిస్తాను. ఫోన్‌లోని జీపీఎస్ ఆరుబయట కూడా ఐదు మీటర్ల వరకు తప్పు చూపగలదు. పై చేనులో రెండో మూలను 60 బదులు 65 అని చదివితే విస్తీర్ణం 2125, అంటే మూడు సెంట్లు అప్పనంగా పెరిగాయి. అంతకంటే ప్రమాదం, మూలలను వరుస తప్పి నొక్కడం. రెండో, మూడో మూలలు తారుమారైతే దారి తనను తాను కోసుకుని రెండు ఉచ్చులవుతుంది. ఒకటి సవ్యంగా, ఒకటి అపసవ్యంగా తిరగడంతో రెండూ ఒకదాన్నొకటి తీసేసుకుంటాయి. నేను లెక్కవేసి చూశాను, 49 సెంట్ల చేను రెండున్నర సెంట్లుగా తేలింది. కాబట్టి ఉత్తరం రాసిన పెద్దాయనా, అంకె చూసేముందు యాప్ గీసిన బొమ్మ చూడండి. గీతలు ఎక్కడైనా ఒకదాన్నొకటి దాటి ఉంటే అబ్బాయిని మళ్లీ ఒక చుట్టు తిరగమనండి. అమ్మకానికో, సరిహద్దు తగాదాకో అయితే మాత్రం సర్వేయర్‌నే పిలిపించండి.