తీసేసింది అడ్మినా, వాట్సాపా?

నీళ్ల ట్యాంకర్ ఎన్నింటికొస్తుందో చూద్దామని అపార్ట్‌మెంట్ గ్రూపు తెరిస్తే, మెసేజ్ రాసే చోటే కనిపించదు. వెంటనే వాట్సాప్ కంపెనీకి ఫిర్యాదు చేయాలనిపిస్తుంది. కానీ గ్రూపులో ఎవరుండాలో తేల్చేది అడ్మిన్లే. అందులో కంపెనీ తలదూర్చదు. మిగతా చాట్లన్నీ మామూలుగా పనిచేస్తుంటే అది అడ్మిన్ చేసిన పనే. తీసేసిందెవరో ఆ గ్రూపు చాట్‌లోనే కనిపిస్తుంది.

ఉదాహరణకు, 203 వాళ్లు ఇల్లు ఖాళీ చేశారు. 302లో అద్దెకుంటున్నాయన పేరు కూడా అదే కావడంతో అడ్మిన్ ఈయన్ని తీసేశాడు. అలాంటప్పుడు ఆ అడ్మిన్‌కే విడిగా రాయాలి: "నమస్కారమండీ. నేను 302లో ఉంటున్నాను. నిన్న సాయంత్రం గ్రూపులోంచి నా నంబరు తీసేసినట్టున్నారు. ఖాళీ చేసింది 203 వాళ్లు. పేర్లు ఒకటే కావడంతో పొరబడి ఉంటారు. మళ్లీ చేర్చగలరా?" ఫ్లాటు నంబరు, తీసేసిన సమయం, పొరపాటుకు కారణం ఉంటే అడ్మిన్ చూసుకోవడం తేలిక. ఆయన పలకకపోతే ఇంకో అడ్మిన్‌నో, సంఘం కార్యదర్శినో అడగాలి. పక్కింటివాళ్లు పంపిన పాత లింకుతో లోపలికి వెళ్లాలని చూడటం దండగ. అడ్మిన్ తీసేసినవాళ్లను మళ్లీ అడ్మినే చేర్చాలి.

అడ్మిన్ ఒప్పుకున్నాక కూడా ఒక చిక్కు రావచ్చు. మీ ప్రైవసీ సెట్టింగ్స్‌లో గ్రూపుల దగ్గర 'నా కాంటాక్టులు' అని పెట్టుకుని, అడ్మిన్ నంబరు సేవ్ చేసుకోకపోతే ఆయన మిమ్మల్ని నేరుగా చేర్చలేడు. ఆహ్వానం మాత్రమే పంపగలడు. అది మూడు రోజుల్లో చెల్లకుండా పోతుంది.

ఒక్క గ్రూపు కాకుండా వాట్సాపే తెరుచుకోకుండా, ఖాతా వాడే వీల్లేదని తెర మీద వస్తే అది కంపెనీ నిర్ణయం. పరిచయం లేనివాళ్లకు ఒకేసారి బోలెడు మెసేజ్‌లు వెళ్లినా, పలువురు రిపోర్ట్ కొట్టినా ఇలా జరగొచ్చు. అదే తెర మీద సమీక్ష కోరే బటన్ (Request a review) ఉంటుంది. అది నొక్కి, ఎస్‌ఎంఎస్‌లో వచ్చే ఆరంకెల కోడ్ ఇచ్చి, జరిగింది క్లుప్తంగా రాయాలి. జవాబు వచ్చేదాకా యాప్ తీసేయకండి, పాత చాట్లు పోవచ్చు.

సమీక్షలోనూ కాదంటే భారత్‌లో కంపెనీ ఫిర్యాదుల అధికారికి రాయొచ్చు. ఆయన జవాబు తృప్తినివ్వకపోతే, అది అందిన 30 రోజుల్లోగా కేంద్రం 2023లో ఏర్పాటుచేసిన ఫిర్యాదుల అప్పిలేట్ కమిటీకి gac.gov.in లో అప్పీలు చేసుకోవచ్చు. ఈ కమిటీ చూసేది కంపెనీ నిర్ణయాలనే, అపార్ట్‌మెంట్ అడ్మిన్ నిర్ణయం దాని పరిధిలోకి రాదు. 302 ఆయన ఇక్కడికి వచ్చినా మళ్లీ సంఘం దగ్గరికే వెళ్లాలి.