నీళ్ళలో రంగు తొందరపడితే

కుంకుమపువ్వు మన ఇళ్ళలోకి ఎక్కువగా కడుపుతో ఉన్న అమ్మాయి పాలలోకే వస్తుంది. గ్రాము డబ్బాకు పెట్టే డబ్బు చూస్తే, లోపలున్నది అసలుదో కాదో తేల్చుకోవాలనిపిస్తుంది. నాలుగైదు పోగులు త్యాగం చేస్తే చాలు.

తెల్లటి కప్పులో కాసిని గోరువెచ్చని నీళ్ళు పోసి, పోగులు వేసి, కదపకుండా వదిలేయండి. అసలుదైతే మొదట పెద్దగా ఏమీ జరగదు. కాసేపటికి పోగు చుట్టూ సన్నని పసుపు చార కనిపిస్తుంది. పది, పదిహేను నిమిషాలకు నీళ్ళన్నీ బంగారు పసుపులోకి తిరుగుతాయి. పోగు మాత్రం ఇంకా ఎర్రగానే ఉంటుంది. అద్దకం వేసిన పోగైతే నీళ్ళు తగలగానే రంగు మబ్బులా విడిపోతుంది. చాలాసార్లు ఆ రంగు ఎరుపు. కాసేపటికే పోగు వెలవెలబోతుంది.

కుంకుమపువ్వు రంగు క్రోసిన్ అనే పదార్థానిది. అది నీళ్ళలో కరుగుతుంది కానీ, ఎండిన పోగు కణాల లోపల ఉంటుంది. పోగు నాని ఉబ్బితేనే బయటికొస్తుంది. చిక్కగా ఉన్నప్పుడు ఎర్రగా కనబడే క్రోసిన్, నీళ్ళలో పలచబడితే పసుపవుతుంది. అద్దకం పైపూత కాబట్టి దానికి ఆగాల్సిన పనిలేదు.

అయితే రంగొక్కటే చూస్తే కుసుమపువ్వు చేతిలో మోసపోతాం. అదీ సహజంగానే నీళ్ళను పసుపు చేస్తుంది. అందుకే నానిన పోగును సూదిమొనతో విప్పి చూడాలి. కుంకుమపువ్వు పోగు ఒక చివర బాకాలా వెడల్పవుతుంది, అంచు కాస్త చిరుగుచిరుగుగా ఉంటుంది. కుసుమపువ్వుదైతే సన్నని గొట్టం, కొసన అయిదు చీలికలు. ఇక అసలు కుంకుమపువ్వులోనే ఏది మేలురకమో కప్పు చెప్పలేదు. దానికి ల్యాబ్‌లో 440 నానోమీటర్ల కాంతి దగ్గర రంగు బలం కొలుస్తారు. అంతర్జాతీయ ప్రమాణంలో మొదటి రకానికి అది కనీసం 200 ఉండాలి.

పసుపుకూ ఇదే గ్లాసు పరీక్ష ఉంది, కానీ లెక్క వేరు. పసుపులోని కర్‌క్యుమిన్ నీళ్ళలో దాదాపు కరగదు. గ్లాసుడు నీళ్ళలో చెంచాడు పొడి వేస్తే మంచి పసుపు మెల్లగా అడుగుకు దిగుతుంది, పైనీళ్ళు లేత పసుపుగా మిగులుతాయి. నీళ్ళు చిక్కటి పసుపుకు తిరిగితే మెటానిల్ ఎల్లో లాంటి రంగు కలిసిందని అనుమానించాలి.

నాకు భయం కలిగించేది మాత్రం ఈ గ్లాసుకు దొరకని కల్తీ, లెడ్ క్రోమేట్. సీసం ఉన్న ఈ పచ్చటి పొడి నీళ్ళలో కరగదు కాబట్టి, మంచి పసుపులాగే బుద్ధిగా అడుక్కు చేరుతుంది. బంగ్లాదేశ్‌లో పసుపు కొమ్ములకు మెరుపు రావడానికి దీన్ని రుద్దుతున్నారని 2019లో పరిశోధకులు బయటపెట్టారు. కాబట్టి కొమ్ములు కొని మర పట్టించుకున్నా ధీమాగా ఉండలేం. కొమ్ము పైన మరీ నిగనిగలాడుతూ, చేతికి పచ్చటి పొడి దండిగా అంటుకుంటుంటే కొనకపోవడమే మేలు. సీసం ఉందో లేదో తేల్చేది ల్యాబ్ ఒక్కటే.