పీఎస్5లో బటన్ నొక్కినా లేటుగా కదులుతోందా? కేబుల్ మార్చే ముందు టీవీలో ఈ ఒక్క సెట్టింగ్ చూడండి!

కొత్త 4కే టీవీ కొన్నారు. పక్కనే పీఎస్5 పెట్టారు. బొమ్మ అదిరిపోతోంది. కానీ క్రికెట్ గేమ్‌లో బ్యాట్ ఊపితే, బంతి కీపర్ చేతిలో పడ్డాక ఊగుతోంది! చాలామంది ఇది నెట్ స్లో వల్లే అనుకుంటారు. ఒకసారి నెట్ ఆపేసి, ఆఫ్‌లైన్ మ్యాచ్ ఆడి చూడండి. అప్పుడు కూడా అంతే లేటు ఉంటే నెట్‌కి సంబంధం లేదు. ఆ ఆలస్యం ఎక్కువగా టీవీ లోపలే జరుగుతోంది.

ఎలాగంటే.. కన్సోల్ నుంచి వచ్చిన బొమ్మను టీవీ వెంటనే చూపించదు. ముందు దాన్ని శుభ్రం చేస్తుంది, రంగులు పెంచుతుంది. ఒక ఫ్రేమ్‌కీ ఇంకో ఫ్రేమ్‌కీ మధ్య లేని ఫ్రేమ్‌ను తనే తయారుచేసి ఇరికిస్తుంది కూడా. టీవీ డబ్బా మీద ఎంఈఎంసీ అని గొప్పగా రాసేది దీని గురించే. మధ్య ఫ్రేమ్ తయారు కావాలంటే తర్వాతి ఫ్రేమ్ వచ్చేదాకా ఆగాలి కదా.. ఆ ఆగడమే లేటు. సినిమా చూసేటప్పుడు దీనితో ఇబ్బంది లేదు. ఎందుకంటే సౌండ్ కూడా అంతే లేటుగా వస్తుంది, మనకు తేడా తెలియదు. గేమ్‌లో మాత్రం మన వేలు ముందు, బొమ్మ వెనక!

గేమ్ మోడ్ ఆన్ చేస్తే ఈ పనులన్నీ చాలావరకు ఆగిపోతాయి. బొమ్మ వచ్చింది వచ్చినట్టు స్క్రీన్ మీదకు వెళ్తుంది.

ఎంత లేటో ఫోన్‌తో కొలవొచ్చు

ఓర్వకల్లులో ఉండే మా బాబాయి కొడుకు ఇంట్లో ఇదే పంచాయితీ. "ఏందన్నా ఇది, నేను నొక్కిన ఎంతసేపటికో వాడు కొడుతుండాడు" అని ఫోన్ చేశాడు. షాపులో అడిగితే మూడు వేల రూపాయల బంగారు పూత కేబుల్ కొనుక్కోమన్నారట. కొనే ముందు ఫోన్‌తో ఒక టెస్ట్ చేయమన్నాం.

ఫోన్ కెమెరాలో స్లో మోషన్ పెట్టాలి. సెకనుకు 240 ఫ్రేములు తీసే ఫోన్ అయితే మంచిది. కంట్రోలర్, టీవీ రెండూ ఒకే ఫ్రేమ్‌లో కనపడేలా పెట్టి బటన్ నొక్కాలి. తర్వాత వీడియోను ఒక్కో ఫ్రేమ్ జరుపుతూ, వేలు బటన్‌ను నొక్కిన దగ్గర్నుంచి స్క్రీన్ మీద ఆటగాడు కదిలేదాకా ఎన్ని ఫ్రేములు పట్టాయో లెక్కపెట్టాలి. ఒక్కో ఫ్రేమ్ అంటే 4 మిల్లీసెకన్ల పైచిలుకు. (ట్యూబ్‌లైట్ కింద తీస్తే వీడియో మిణుకుమిణుకుమంటుంది, పట్టించుకోవద్దు.)

మావాడి టీవీ స్టాండర్డ్ మోడ్‌లో 44 ఫ్రేములు వచ్చాయి. అంటే సుమారు 183 మిల్లీసెకన్లు. గేమ్ మోడ్ పెట్టి మళ్లీ తీస్తే 22 ఫ్రేములే, అంటే సుమారు 92 మిల్లీసెకన్లు. మిగిలిన ఆ 92లో కంట్రోలర్, గేమ్ తీసుకునే టైమ్ కూడా కలిసి ఉంటుంది కాబట్టి అది సున్నా కాదు. మనకు కావాల్సింది రెండింటి మధ్య తేడా. సెకనుకు 60 ఫ్రేముల గేమ్‌లో ఒక్కో ఫ్రేమ్ 16.7 మిల్లీసెకన్లు. అంటే అప్పటిదాకా పాపం పిల్లోడు ఐదు ఫ్రేములకు పైగా పాత బొమ్మను చూసి బ్యాట్ ఊపుతున్నాడన్నమాట!

ఖర్చు? ఒక్క రూపాయి కూడా కాలేదు.

ఈ సెట్టింగ్ ఎక్కడుంటుంది?

టీవీని బట్టి పేరు మారుతుంది. ఎల్‌జీలో గేమ్ ఆప్టిమైజర్, శాంసంగ్‌లో గేమ్ మోడ్ అని ఉంటుంది. సోనీతో పాటు చాలా ఆండ్రాయిడ్ టీవీల్లో పిక్చర్ మోడ్ లిస్టులోనే గేమ్ అని కనిపిస్తుంది. ఒక్క విషయం మర్చిపోవద్దు. చాలా టీవీల్లో ఈ సెట్టింగ్ ఒక్కో హెచ్‌డీఎంఐ పోర్టుకు విడిగా ఉంటుంది. సెట్‌టాప్ బాక్స్ చూస్తూ మారిస్తే కన్సోల్‌కు మారకపోవచ్చు. ముందు గేమ్ ఆన్ చేసి, ఆ బొమ్మ కనపడుతుండగానే మార్చండి.

గేమ్ మోడ్ పెట్టగానే రంగులు కాస్త డల్ అయినట్టు అనిపిస్తుంది. అది మామూలే. బ్రైట్‌నెస్, కలర్ పెంచుకుంటే లేటు పెరగదు. మోషన్, నాయిస్ రిడక్షన్ లాంటివి మాత్రం మళ్లీ ఆన్ చేయొద్దు.

మరి కేబుల్ సంగతి?

ఖరీదైన కేబుల్ వేస్తే లేటు తగ్గదు. ఇది డిజిటల్ సిగ్నల్. వస్తే మొత్తం వస్తుంది, లేదంటే తెగుతుంది. కేబుల్‌ది తప్పయితే బొమ్మ మీద తెల్ల చుక్కలు మెరుస్తాయి, రెండు మూడు సెకన్లు స్క్రీన్ నల్లగా అయి మళ్లీ వస్తుంది, లేదా కన్సోల్ తక్కువ క్వాలిటీకి పడిపోతుంది. బ్యాట్ లేటుగా ఊగడం కేబుల్ లక్షణం కాదు.

కేబుల్ అవసరం పడేది మోసే డేటాను బట్టి. 4కే బొమ్మ సెకనుకు 60 సార్లు రావాలంటే 18 గిగాబిట్ల కేబుల్ చాలు. దాన్ని ప్రీమియం హై స్పీడ్ అంటారు. 4కేలో 120 కావాలంటే అల్ట్రా హై స్పీడ్ అనే రకం కావాలి, అది 48 గిగాబిట్లు మోస్తుంది. పీఎస్5 డబ్బాలో వచ్చే కేబుల్ దీనికి సరిపోతుంది. షాపులో '8కే', '2.1' అని రాసి ఉందని తీసుకోకండి. ప్యాకెట్ మీద అల్ట్రా హై స్పీడ్ స్టిక్కర్, దాని మీద స్కాన్ చేసే క్యూఆర్ కోడ్ ఉండాలి.

మావాడు డబ్బాలో కేబుల్ వదిలేసి, గోడలో పైపు వేసి పది మీటర్ల పాత కేబుల్ లాగాడు. అందుకే అప్పుడప్పుడూ స్క్రీన్ నల్లబడేది. మామూలు రాగి కేబుల్ అంత దూరం ఆ స్పీడు మోయలేదు, మూడు మీటర్ల లోపైతే నిశ్చింత. తప్పదనుకుంటే ఫైబర్ ఉన్న యాక్టివ్ కేబుల్ వేయాలి. దానికి దిక్కు ఉంటుంది. ఒక చివర సోర్స్, ఇంకో చివర డిస్‌ప్లే అని రాసి ఉంటుంది. తిప్పి పెడితే బొమ్మే రాదు, గోడలోంచి మళ్లీ లాగాల్సిందే! మావాడు ఆ తలనొప్పి లేకుండా కన్సోల్‌ను టీవీ కిందకే జరిపాడు.

120 హెర్ట్జ్ అని రాసి ఉంటే చాలదా?

అసలు మెలిక ఇక్కడే ఉంది. తక్కువ ధర టీవీల్లో '120 హెర్ట్జ్ డీఎల్‌జీ' అని ఉంటుంది. ప్యానెల్ అసలు స్పీడు 60 మాత్రమే. రెండేసి గీతల్ని ఒకేసారి వెలిగించి 120 చూపిస్తుంది. దాంతో నిలువునా ఉండే 2160 గీతలు 1080కి పడిపోతాయి. కదలిక మెత్తగా ఉంటుంది, అక్షరాలు మాత్రం గరుకుగా కనిపిస్తాయి. ఇది పూర్తిగా మోసమని అనలేం గానీ, 4కేలో 120 అని అనుకుని కొంటే నష్టమే.

ఇప్పుడు మీ టీవీకి ఎంత వెళ్తోందో పీఎస్5లో ఇక్కడ చూడండి:

```
Settings > Screen and Video > Video Output
```

అక్కడ వీడియో అవుట్‌పుట్ సమాచారంలో `3840x2160 - 60Hz` అనో `120Hz` అనో కనిపిస్తుంది. 120కి సపోర్ట్ ఉన్న టీవీ అయినా 60 దగ్గరే ఆగితే టీవీ వైపు కూడా చూడాలి. చాలా మోడళ్లలో ఒకటో రెండో పోర్టులే దీనికి పనికొస్తాయి. పైగా హెచ్‌డీఎంఐ సిగ్నల్ ఫార్మాట్‌ను స్టాండర్డ్ నుంచి ఎన్‌హాన్స్‌డ్‌కు మార్చాల్సి ఉంటుంది. సౌండ్‌బార్ మధ్యలో ఉంటే తీసేసి ఒకసారి నేరుగా పెట్టి చూడండి. ఇక గేమ్ కూడా 120 ఇవ్వాలి. చాలా గేమ్స్ పర్ఫార్మెన్స్ మోడ్ ఎంచుకుంటేనే ఇస్తాయి, 60 దాటని గేమ్ ఏ టీవీలోనైనా 60కే ఆడుతుంది.

సెట్టింగ్ మార్చాక స్క్రీన్ మొత్తం నల్లగా అయిపోతే కంగారు పడొద్దు. పీఎస్5ను పూర్తిగా ఆపి, పవర్ బటన్ నొక్కి పట్టుకోండి. మొదటి బీప్ తర్వాత సుమారు ఏడు సెకన్లకు రెండో బీప్ వస్తుంది, అప్పుడు వదలండి. కంట్రోలర్‌ను యూఎస్‌బీ వైరుతో కలిపి, వచ్చిన సేఫ్ మోడ్ మెనూలో `Change Video Output` ఎంచుకుని రిజల్యూషన్ తగ్గిస్తే బొమ్మ తిరిగి వస్తుంది.