ప్రయాణికుడు మారితే బెర్తు ఉంటుందా?

విశాఖలో మేనమామ కూతురి పెళ్లి. హైదరాబాద్ నుంచి నలుగురికి రెండు నెలల ముందే రైలు టికెట్లు తీశారు. అన్నీ కన్ఫర్మ్ అయ్యాయి. బయల్దేరడానికి మూడు రోజులుందనగా తండ్రికి జ్వరం ముదిరి, డాక్టర్ ప్రయాణం వద్దన్నాడు. ఆయన బదులు పెద్దకొడుకు వెళ్తానన్నాడు. చాలా ఇళ్లలో ఇలాంటప్పుడు ఆ టికెట్ రద్దు చేసి, కొడుకు పేరిట కొత్తది తీస్తారు. అక్కడే నష్టపోతారు. రద్దు చేసిన బెర్తు వెయిటింగ్ లిస్టులో ముందున్నవారికి వెళ్లిపోతుంది. పెళ్లిళ్ల సీజన్‌లో కొడుకుకు కొత్త టికెట్ దొరికినా అది ఆ లిస్టు చివరనే. రద్దు చార్జీ అదనం.

ఆ బెర్తును కాపాడుకునే దారి రైల్వే నిబంధనల్లోనే ఉంది. కన్ఫర్మ్ అయిన టికెట్ మీద ఒక ప్రయాణికుడి పేరు తీసి, అతని కుటుంబ సభ్యుడి పేరు రాయించుకోవచ్చు. కుటుంబమంటే ఎవరెవరో నిబంధన లెక్కపెట్టి చెప్పింది: తండ్రి, తల్లి, అన్నదమ్ములు, అక్కచెల్లెళ్లు, కొడుకు, కూతురు, భర్త, భార్య. ఈ జాబితాలో అల్లుడు లేడు, కోడలు లేదు, బావమరిది లేడు, మనవడూ లేడు. బాబాయి కొడుకు ఒకే ఇంట్లో పెరిగినా ఇందులోకి రాడు. మన ఇళ్లలో పెళ్లికి కలిసి వెళ్లేవాళ్లలో సగం మంది ఈ గీతకు అవతలే ఉండిపోతారు. వెసులుబాటు ఇంకొంచెం విస్తరిస్తే బాగుండునని ఎవరికైనా అనిపిస్తుంది.

ఇంత బిగింపుకు కారణం దళారులు. నోటికొచ్చిన పేర్లతో బెర్తులు బుక్ చేసి, తర్వాత ఎవరికి పడితే వారికి అమ్ముకునే వీలుంటే మామూలు ప్రయాణికుడికి టికెట్టే మిగలదు. అందుకే 1989 నాటి రైల్వే చట్టం 53వ సెక్షన్, ఒకరి పేరిట ఇచ్చిన టికెట్‌ను వారే వాడాలంటుంది. పేరు మార్చే అధికారం రైల్వే ఉద్యోగికే ఉంది, అదీ నిబంధనలు ఒప్పుకున్న సందర్భాల్లోనే.

ఇప్పుడు ఆ పెద్దకొడుకు ఏం చేయాలి? టికెట్ ఆన్‌లైన్‌లో తీసినా ఈ పని ఫోన్‌లో అవదు. ఈ-టికెట్ ప్రింటు తీసుకుని దగ్గరలోని రిజర్వేషన్ కౌంటర్‌కు వెళ్లాలి. తండ్రి బదులు తాను వెళ్తున్నానని, పీఎన్‌ఆర్ నంబరు వేసి అర్జీ రాయాలి. గుర్తింపు కార్డు అసలుది చూపాలి. తండ్రీకొడుకులని తేల్చే కాగితం కూడా కావాలి. ఆధార్‌లో తండ్రి పేరు లేకపోతే రేషన్ కార్డు లాంటిది వెంట పెట్టుకోవాలి. చాలామంది వెనక్కి తిరిగొచ్చేది ఈ కాగితం దగ్గరే. చీఫ్ రిజర్వేషన్ సూపర్‌వైజర్ ఒప్పుకుంటే తండ్రి పేరు, వయసు స్థానంలో కొడుకువి ఎక్కుతాయి. మిగతా ముగ్గురి బెర్తుల జోలికి ఎవరూ రారు.

గడువు 24 గంటలు. శుక్రవారం సాయంత్రం 5 గంటలకు రైలుంటే గురువారం సాయంత్రం 5 లోపే అర్జీ చేరాలి. మధ్యలో ఎక్కేవాళ్లు తమ స్టేషన్ సమయాన్ని కాక, రైలు మొదలయ్యే స్టేషన్ సమయాన్ని లెక్కేసుకుంటే క్షేమం. సోమవారం ఉదయపు రైలైతే మరీ జాగ్రత్త, ఆదివారం చాలా కౌంటర్లు మధ్యాహ్నానికే మూసేస్తారు. పైగా ఈ అవకాశం ఒక్కసారే. పెద్దకొడుకు పేరు ఎక్కాక అతనికీ కుదరకపోతే, చిన్నకొడుకు పేరు రాయమంటే రాయరు.

ఇవేవీ చేయకుండా తండ్రి టికెట్ మీద కొడుకు ఎక్కేస్తే? చార్టులో అరవై ఏళ్ల మనిషి ఉంటాడు, బెర్తులో ముప్పై ఏళ్లవాడు కూర్చుని ఉంటాడు. టీటీఈ కార్డు అడగగానే బయటపడుతుంది. అతను టికెట్ లేని ప్రయాణికుడి కిందే లెక్క, చార్జీతో పాటు జరిమానా కట్టాలి. రైలెక్కాక ప్రయాణికులు తమలో తాము బెర్తులు మార్చుకోవడానికి మాత్రం అదే 53వ సెక్షన్ ఒప్పుకుంటుంది.

పెళ్లి బృందంగా బుక్ చేసుకున్నవారికి దారి వేరు. అక్కడ చుట్టరికం నిరూపించక్కర్లేదు. బృందానికి పెద్దగా ఉన్నవారు 48 గంటల ముందు అర్జీ పెడితే, రాలేనివారి బదులు వేరేవాళ్ల పేర్లు రాస్తారు. కానీ మొత్తం మందిలో పది శాతం దాటకూడదు. అరవై మంది బృందమైతే ఆరుగురి పేర్లే మారతాయి. గుర్తింపు ఉన్న విద్యాసంస్థ నుంచి విహారయాత్రకు వెళ్లే విద్యార్థులకూ ఇదే గడువు, ఇదే పరిమితి. అర్జీ సంస్థ అధిపతి రాయాలి, బదులు వెళ్లేవారు అదే సంస్థలో చదువుతూ ఉండాలి.