సైటు హ్యాకైతే హోస్టింగ్ వాళ్లకు ఏం రాయాలి?

మంగళగిరిలో ఒక చీరల దుకాణం ఉందనుకుందాం. వర్డ్‌ప్రెస్ సైటు ద్వారా ఆర్డర్లు తీసుకుంటుంది. జూన్ 20న ఒకావిడ ఫోన్ చేసి, "గూగుల్‌లో మీ షాపు పేరు నొక్కితే ఏదో జూదం సైటు తెరుచుకుంటోందండీ" అని చెప్పింది. యజమాని తన కంప్యూటర్లో చూస్తే అంతా మామూలుగానే ఉంది. ఇలాంటి దొంగ కోడ్ చాలాసార్లు గూగుల్ నుంచి వచ్చేవాళ్లనే పక్కదారి పట్టిస్తుంది, లాగిన్ అయి ఉన్న యజమానికి కనిపించదు.

ఆ కంగారులో చాలామంది "నిన్నటి బ్యాకప్ పెట్టేయండి" అని రాస్తారు. కానీ హ్యాకింగ్ బయటపడిన రోజు వేరు, జరిగిన రోజు వేరు. నిన్నటి బ్యాకప్‌లోనూ దొంగ కోడ్ ఉండవచ్చు. అందుకే ముందు తేదీ వెతకాలి. wp-content/uploads ఫోల్డర్‌లో మామూలుగా ఉండేవి ఫొటోలు, పత్రాలు. అక్కడ .php ఫైలు కనిపిస్తే అనుమానించాలి. మన దుకాణదారుకు జూన్ 6 తేదీతో అలాంటిదొకటి దొరికింది. యూజర్ల జాబితాలో తాను ఎరగని అడ్మిన్ పేరూ ఉంది. అయితే ఫైలు తేదీని హ్యాకర్ మార్చగలడు. అసలు సంగతి సర్వర్ లాగ్‌లతో సరిచూడాలి. ఆ పని హోస్టింగ్ వాళ్లకు తేలిక.

ఖాతాకు రిజిస్టరైన ఈమెయిల్ నుంచి ఇలా రాస్తే సరిపోతుంది:

"నమస్కారం. మా సైటు హ్యాకైంది. మొబైల్‌లో గూగుల్ నుంచి వచ్చేవాళ్లు జూదం సైటుకు వెళ్తున్నారు. uploads ఫోల్డర్‌లో జూన్ 6 తేదీతో ఒక .php ఫైలు, నాకు తెలియని అడ్మిన్ ఖాతా కనిపించాయి. దయచేసి సైటును తాత్కాలికంగా ఆపండి. ఇప్పుడున్న ఫైళ్లు, డేటాబేస్, లాగ్‌ల నకలు తీసి పక్కన పెట్టండి. హ్యాకర్ మొదట ఎప్పుడు, ఎలా వచ్చాడో లాగ్‌లలో చూసి, దానికి ముందరి బ్యాకప్‌ను పునరుద్ధరించండి. ఆ తర్వాతి ఆర్డర్లు నాకు కావాలి కాబట్టి పాత డేటాబేస్‌ను చెరపకండి. నేను చెప్పేవరకు సైటు తెరవకండి."

ఈమెయిల్‌లో పాస్‌వర్డ్ మాత్రం రాయకూడదు. నకలు అడగడం ముఖ్యం. అది లేకుండా పాత బ్యాకప్ పెడితే రెండు వారాల ఆర్డర్లు పోతాయి, హ్యాకర్ ఆనవాళ్లూ చెరిగిపోతాయి.

బ్యాకప్ పెట్టినంత మాత్రాన పని పూర్తికాదు. హ్యాకర్‌కు దారిచ్చిన పాత ప్లగిన్ కూడా అందులో తిరిగి వస్తుంది. సైటు తెరిచేలోపు ప్లగిన్లన్నీ అప్‌డేట్ చేయాలి. అడ్మిన్, హోస్టింగ్, డేటాబేస్ పాస్‌వర్డ్‌లన్నీ మార్చాలి. గూగుల్ హెచ్చరిక చూపిస్తుంటే, శుభ్రం చేశాక సెర్చ్ కన్సోల్‌లో పునఃపరిశీలన కోరాలి.

బ్యాకప్‌లు ఎన్ని రోజులు దాస్తారో మీ హోస్టింగ్ కంపెనీని ఈరోజే అడగండి. ఏడు రోజులే అని చెబితే, పై దుకాణానికి పనికొచ్చే బ్యాకప్ అక్కడ దొరకదు. నెలకోసారైనా ఒక నకలును మీ సొంత హార్డ్‌డిస్క్‌లో దాచుకోండి.